కనిపించకుండా పోయిన మొలకలను మనుగడ రేఖలో ఎలా లెక్కించాలి?

ప్రశ్న: అడవి పునరుత్పత్తి అధ్యయనంలో ఒకే విడతలో మొలిచిన 80 మొలకలకు ట్యాగులు కట్టాం. 30, 60, 120, 240, 365 రోజులకు వెళ్లి చూశాం. చచ్చిపోయినట్టు రూఢి అయినవి వరుసగా 16, 11, 10, 6, 2. మొలకా ట్యాగూ రెండూ కనిపించనివి 4, 5, 4, 0, 2. 120వ రోజున బతికున్న వాటిలో 6 మొలకల్ని బరువు తూచడానికి పీకాం. చివరికి 14 మిగిలాయి. మనుగడ 14/80 అని రాయొచ్చా? కనిపించని వాటిని తీసేయాలా, చచ్చినట్టు రాయాలా?

జవాబు:

14/80 అని రాయకండి. ఆ లెక్కలో మీరు పీకిన ఆరు మొలకలూ చచ్చిన వాటి కింద జమ అవుతాయి. అవి చావలేదు, మీరు వాటిని గమనించడం ఆపేశారు, అంతే. కనిపించని 15 మొలకల్ని పూర్తిగా తీసేయడమూ తప్పే. వాటిలో ఎక్కువ భాగం కొంతకాలం బతికున్నట్టు మీ కళ్లతో చూసి రాసుకున్నారు, తీసేస్తే ఆ సమాచారం పోతుంది. పీకిన వాటిని 120వ రోజు దగ్గర, కనిపించని వాటిని చివరిసారి బతికి కనిపించిన రోజు దగ్గర సెన్సార్ చేసి, అంటే ఆ రోజు వరకే లెక్కలో ఉంచి, కాప్లాన్–మీయర్ పద్ధతిలో లెక్కిస్తే ఏడాది మనుగడ సుమారు 31 శాతం వస్తుంది.

అయితే ఆ 31 శాతాన్ని ఒంటరిగా రాయకండి. కనిపించని 15 మొలకలు నిజంగా ఏమయ్యాయన్న దాన్నిబట్టి జవాబు 22 శాతం నుంచి 42 శాతం వరకు ఎక్కడైనా ఉండొచ్చు. మీ ప్రశ్నలో అసలు కష్టం ఇక్కడే ఉంది. దీన్ని తేల్చాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, మీ ఫీల్డ్ పుస్తకం. ముందు లెక్క చేసి చూపిస్తాను, తర్వాత ఆ 15 సంగతికి వస్తాను.

కాప్లాన్, మీయర్ 1958లో ఇచ్చిన పద్ధతి సూటిగా ఉంటుంది. ప్రతి పరిశీలన రోజున, ఏ మొలకల గతి మనకు తెలుసో వాటినే హారంలో పెట్టుకుంటాం. వాటిలో ఎన్ని బతికాయో చూస్తాం. అలా ప్రతి దశలో వచ్చిన భాగాన్ని అంతకుముందు వచ్చిన దానితో గుణించుకుంటూ పోతాం.

మొదటి పరిశీలనలో 80లో 4 కనిపించలేదు. అవి బతికి కనిపించింది ట్యాగు కట్టిన రోజున మాత్రమే కాబట్టి 30వ రోజు హారంలోకి రావు. మిగిలిన 76లో 16 పోయాయి, 60 బతికాయి. ఆ 60లో 5 తర్వాతి పరిశీలనకు కనిపించలేదు కాబట్టి 60వ రోజు హారం 55. మిగతాదీ ఇదే వరుస. 120వ రోజున బతికున్నవి 30. వాటిలో 6 పీకారు కాబట్టి ఆ తర్వాతి హారం 24.

| రోజు | గతి తెలిసినవి | చచ్చినవి | ఈ దశలో బతికిన భాగం | మొత్తం మనుగడ |
|---|---|---|---|---|
| 30 | 76 | 16 | 60/76 | 0.789 |
| 60 | 55 | 11 | 44/55 | 0.632 |
| 120 | 40 | 10 | 30/40 | 0.474 |
| 240 | 24 | 6 | 18/24 | 0.355 |
| 365 | 16 | 2 | 14/16 | 0.311 |

పీకిన ఆరూ 120వ రోజు హారంలో ఉన్నాయి, ఆ రోజు వరకు బతికిన వాటి లెక్కలోకి వచ్చాయి, ఆ తర్వాత మాత్రమే తప్పుకున్నాయి. సెన్సార్ చేయడమంటే మొలకను జాబితా నుంచి కొట్టేయడం కాదు. దాని గురించి తెలిసినంత మేరకు వాడుకుని, తెలియని చోట వదిలేయడం. పీకిన వాటినీ కనిపించని వాటినీ పూర్తిగా తీసేస్తే 14/59, అంటే 24 శాతం వచ్చేది. ఆ పద్ధతిలో మనుగడ తగ్గిపోవడానికి కారణం ఉంది. అలా తీసేసేటప్పుడు పోయేవన్నీ కొంతకాలమైనా బతికిన మొలకలే, చావుల్లో మాత్రం ఒక్కటీ తగ్గదు.

ఎక్కువమంది పొరపాటు పడేది తేదీ దగ్గర. 30వ రోజున వెళ్లినప్పుడు మొలక కనిపించలేదనుకోండి. డేటా షీటులో దాని ఎదురుగా ఆ రోజు తేదీ వేసి, "సెన్సార్డ్" అని రాయడం సహజంగా జరిగిపోతుంది. కానీ అలా రాస్తే ఆ మొలక 30వ రోజు వరకు బతికే ఉందని లెక్కకు చెప్పినట్టు. దాన్ని చివరిసారి బతికుండగా చూసింది సున్నా రోజున. మీ అంకెల్లోనే ఈ తేడా ఎంత చేస్తుందో చూడండి. కనిపించని రోజునే సెన్సార్ తేదీగా వేస్తే హారాలు 80, 60, 44, 24, 18 అవుతాయి. ఏడాది మనుగడ 0.311 బదులు 0.337 వస్తుంది. ఆ తేడా చిన్నదే. కానీ 120వ రోజు మనుగడ 0.474 నుంచి 0.505కి ఎక్కుతుంది. అంటే రేఖ ఆ రోజుకు సగం గీత కిందికి దిగదు. దాంతో సాఫ్ట్‌వేర్ చెప్పే మధ్యస్థ ఆయుష్షు 120 రోజుల నుంచి ఒక్కసారిగా 240 రోజులకు దూకుతుంది. మొలకలవే, చావులవే, మారింది తేదీల కాలమ్ ఒక్కటే.

ఈ పొరపాటు జరిగిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే మొదటి వరుసలో 30వ రోజు హారం చూడండి. 80 అని ఉంటే తేదీలు తప్పు. 76 ఉండాలి.

ఇక ఆ 15 మొలకల సంగతి. చివరిసారి కనిపించిన రోజున సెన్సార్ చేయడం సరైనది కావాలంటే ఒక షరతు నిజం కావాలి. కనిపించకుండా పోయిన మొలకలకు, మిగిలిన వాటికి చావు ముప్పు ఒకేలా ఉండాలి. పీకిన ఆరింటి విషయంలో ఇది మీ చేతుల్లో ఉన్న షరతు. పీకేవాటిని చీటీ తీసి ఎంచుకుని ఉంటే అది నెరవేరినట్టే. బాగా ఏపుగా ఉన్నవాటిని ఏరి పీకి ఉంటే నెరవేరలేదు. అప్పుడు మిగిలినవి సగటు కంటే బలహీనమైనవి, 120 తర్వాత మీ రేఖ ఉండాల్సిన దానికంటే కిందికి దిగుతుంది.

కనిపించని వాటి విషయంలో ఆ షరతు తరచుగా నిలవదు. బతికున్న మొలక ఉన్నచోటే ఉంటుంది. చచ్చిన మొలక ఎండి, విరిగి, ఆకుల చెత్త కింద కలిసిపోతుంది. కాండానికి కట్టిన ట్యాగు దానితోపాటే పడిపోయి వాననీటికి కొట్టుకుపోతుంది. కాబట్టి ఆనవాలు లేకపోవడమే చావుకు ఒక సూచన. ఈ సూచన ఎంత బలమైనదో మీరు మొలకల స్థానాలు ఎలా నమోదు చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది.

మీ దగ్గర క్వాడ్రాట్ అనే నమూనా చదరం మూల నుంచి సెంటీమీటర్లలో ప్రతి మొలక స్థానం రాసి ఉంటే, బతికున్న మొలక ట్యాగు పోగొట్టుకున్నా ఆ చోటే దొరికి ఉండేది, మీరు కొత్త ట్యాగు కట్టి ఉండేవారు. అలాంటప్పుడు నమోదైన చోట చెత్త తొలగించి చుట్టూ ఓ పది సెంటీమీటర్ల మేర వెతికినా ఏమీ లేదంటే దాన్ని చచ్చినట్టే రాయాలి, సెన్సార్ చేయకూడదు. మీ 15నీ అలా రాస్తే దశలవారీ చావులు 20, 16, 14, 6, 4 అవుతాయి, హారాలు 80, 60, 44, 24, 18. ఏడాది మనుగడ 0.219.

స్థానాలు రాయకుండా ట్యాగు నంబర్ల మీదే ఆధారపడి ఉంటే కథ వేరు. ట్యాగు ఊడిన బతికున్న మొలక కూడా మీ షీటులో కనిపించనిదిగానే నమోదవుతుంది. ఇక్కడ ఉపయోగపడే ఆధారం ఒకటుంది. ఆ క్వాడ్రాట్‌లో ట్యాగు లేని అదే జాతి మొలకలు ఉన్నాయా? ఉంటే అవి కొత్తగా మొలిచినవా, పాతవా? బీజదళాలు పచ్చగా ఉండి, అసలు ఆకులు ఒకటో రెండో ఉంటే కొత్తది. బీజదళాలు రాలిపోయి, కాండం మొదలు గట్టిపడి, మీ ట్యాగు మొలకలంత ఎత్తు ఉంటే అది ట్యాగు ఊడిన పాతదే కావచ్చు. (బీజదళాలు నేలలోనే ఉండిపోయే జాతుల్లో ఈ గుర్తు పనిచేయదు, ఎత్తూ ఆకుల సంఖ్యా చూసుకోవాలి.) కనిపించనివి 4, ట్యాగు లేని పాత మొలకలు 3 ఉన్నాయంటే ట్యాగులు ఊడటమే ప్రధాన కారణం, సెన్సార్ చేయడం సమంజసం. ట్యాగు లేని పాతవి ఒక్కటీ లేకపోతే ఆ నాలుగూ చచ్చాయనే అనుకోవాలి.

ఈ ఆధారం కూడా లేకపోతే రెండు హద్దులూ చూపించడమే నిజాయితీ గల మార్గం. కింది హద్దు పైన చెప్పిన 0.219. పై హద్దుకు 15నీ చివరిదాకా బతికున్నట్టు రాయండి. హారాలు 80, 64, 53, 37, 31 అవుతాయి, ఏడాది మనుగడ 0.421. కాప్లాన్–మీయర్ 0.311 ఈ రెంటి మధ్య పడుతుంది. మొలకల విషయంలో నిజం సాధారణంగా కింది హద్దు వైపే ఉంటుందని నా అభిప్రాయం, కారణం పైన చెప్పాను. రెండు రకాల స్థలాలను పోలుస్తున్నారనుకోండి, ఉదాహరణకు వెలుగు పడే ఖాళీ ఒకటి, దట్టమైన నీడ ఒకటి. ఒక స్థలానికి కింది హద్దు, రెండోదానికి పై హద్దు తీసుకున్నా, అటుదిటు మార్చి చూసినా ఒకే వైపు తేడా కనిపిస్తే మీ నిర్ధారణ గట్టిది. హద్దు మారితే గెలిచేది మారుతోందంటే, ఆ డేటాతో ఆ పోలిక తేలదు. మొత్తం కనిపించనివి ఏ స్థలంలో ఎన్నో కూడా విడిగా రాయండి. వాన నీరు పారే వాలులో ట్యాగులు ఎక్కువ కొట్టుకుపోతే ఆ ఒక్క కారణంతోనే రెండు రేఖలు విడిపోవచ్చు.

వచ్చే విడతకైనా ట్యాగును కాండానికి మాత్రమే కట్టకండి. మొలకకు ఐదు సెంటీమీటర్ల దూరంలో, ప్రతిసారీ ఒకే దిక్కున, అదే నంబరు ఉన్న తీగ పుల్ల ఒకటి నేలలో గుచ్చండి. వేరుకు తగలదు, మొలకతోపాటు పడిపోదు. పుల్ల ఉండి మొలక లేకపోతే సందేహం లేకుండా చావు.

తర్వాతి విషయం, మీ రేఖలో మెట్లు ఉన్నచోట్లు. 120వ రోజున నమోదైన 10 చావులు 120వ రోజున జరగలేదు, 60 తర్వాత 120 లోపు ఎప్పుడో జరిగాయి. పరిశీలన రోజుల్లో ఉన్న విలువలు సరైనవే, ఎందుకంటే అందరినీ ఒకే తేదీల్లో చూశారు. వాటి మధ్య రేఖ ఎలా దిగిందో మాత్రం మీకు తెలియదు. అందుకే మధ్యస్థ ఆయుష్షు 120 రోజులని రాయకండి. 60, 120 రోజుల మధ్య అని రాయండి, మీ డేటా చెప్పగలిగింది అంతవరకే. 240కీ 365కీ మధ్య చావు రేటు తగ్గిందా అన్న ప్రశ్నకైతే అంతరం మరీ పెద్దది, రెండు చావుల మీద వాదన నిలబడదు.

ఏదైనా క్వాడ్రాట్‌కు ఒక విడత వెళ్లలేకపోయి ఉంటే, ఉదాహరణకు 120వ రోజున నీళ్లు నిలిచి లోపలికి పోలేక 240కే చూసి ఉంటే, అక్కడి చావులు 60 నుంచి 240 మధ్య ఎప్పుడో జరిగినవి. మిగతా వాటి అంతరాలతో ఇవి అతివ్యాప్తి చెందుతాయి కాబట్టి పై పట్టిక పద్ధతి చాలదు. అప్పుడు ప్రతి మొలకకూ ఎడమ హద్దు, కుడి హద్దు రెండూ ఇచ్చి టర్న్‌బుల్ 1976లో ఇచ్చిన అంచనా వాడాలి. అందరినీ ఒకే తేదీల్లో చూసినప్పుడు అది కూడా పట్టికలోని విలువలే ఇస్తుంది కాబట్టి మీకు దాని అవసరం లేదు. ఆర్‌లో రెండూ ఇలా:

```r
library(survival)

# time: చావు నమోదైన రోజు, లేదా చివరిసారి బతికి కనిపించిన రోజు
# status: 1 = చావు, 0 = సెన్సార్డ్
km <- survfit(Surv(time, status) ~ 1, data = d)
summary(km, times = c(30, 60, 120, 240, 365))

# left: చివరిసారి బతికి కనిపించిన రోజు
# right: చచ్చినట్టు తెలిసిన రోజు, తెలియకపోతే NA
ic <- survfit(Surv(left, right, type = "interval2") ~ 1, data = d)
```

మొదటి దాన్ని మీ డేటా మీద నడిపితే 365వ రోజుకు 0.311, ప్రామాణిక దోషం సుమారు 0.062, 95 శాతం విశ్వాస అంతరం 0.21 నుంచి 0.46 రావాలి. ఇది గ్రీన్‌వుడ్ సూత్రం ఇచ్చేది. ఈ అంతరంలో యాదృచ్ఛికత మాత్రమే ఉంది, కనిపించని వాటి గతి గురించిన సందేహం లేదు. ఆ రెండూ వేర్వేరు అనిశ్చితులు, హద్దుల రేఖల్ని విశ్వాస అంతరంతో కలిపేసి ఒకే నీడగా గీయకండి.

పైగా ఈ అంతరం కూడా నిజం కన్నా ఇరుకుగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ సూత్రం 80 మొలకలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుంటుంది. నారుకుళ్లు తెగులు పట్టిన క్వాడ్రాట్‌లో మొలకలు గుంపుగా పోతాయి, పక్క క్వాడ్రాట్‌లో ఒక్కటీ పోకపోవచ్చు. మీ 80 ఎన్ని క్వాడ్రాట్లలో ఉన్నాయో చెప్పలేదు. ఎనిమిదిలోనో పదిలోనో ఉంటే, స్వతంత్ర సమాచారం 80 మొలకలంత లేదు. `survfit`కు `cluster = quadrat` ఇవ్వండి, లేదా క్వాడ్రాట్లనే యూనిట్లుగా తీసుకుని బూట్‌స్ట్రాప్ చేయండి. మొలకల్ని విడివిడిగా తిరిగి ఎంచితే ఆ సమస్య అలాగే ఉండిపోతుంది. రెండు స్థలాల పోలికకు నేరుగా లాగ్‌ర్యాంక్ పరీక్ష వాడినా ఇదే చిక్కు, తేడా లేనిచోట ఉన్నట్టు చూపిస్తుంది.

చావు అని దేన్ని రాశారో కూడా ఒకసారి సరిచూసుకోండి. రెండు సందర్భాల్లో తరచుగా తప్పు జరుగుతుంది.

ఒకటి, కొమ్మ విరిగిపడిన క్వాడ్రాట్. "ఈ క్వాడ్రాట్ పాడైంది" అని రాసి అందులోని మొలకలన్నిటినీ సెన్సార్ చేసేస్తుంటారు. కొమ్మ పడటం, జంతువు తొక్కడం, వరద మట్టి కప్పేయడం ఇవన్నీ అడవిలో మొలకలు చచ్చే మామూలు దారులు. అవి చావులే. సెన్సార్ చేయాల్సింది మీ పని వల్లనో, అధ్యయనం ఆగడం వల్లనో గమనించడం ఆగిన వాటిని. కరవు వల్ల చచ్చినవి మాత్రమే కావాలనుకుంటే మిగతా కారణాలను సెన్సార్ చేసి ఒకటి నుంచి మనుగడను తీసేసే పద్ధతి కరవు వాటాను ఎక్కువ చేసి చూపిస్తుంది. దానికి పోటీ ముప్పుల లెక్క, అంటే కారణాలవారీ సంచిత సంభావ్యత వాడాలి.

రెండు, మళ్లీ చిగురించేవి. సాల వృక్షం లాంటి జాతుల మొలకల్లో పైభాగం ఎండిపోయి, వేరు నుంచి మళ్లీ చిగురు రావడం బాగా తెలిసిన సంగతి. జంతువులు మేసిన మొలకలూ మొదలు దగ్గర చిగురిస్తాయి. కాండం ఎండగానే చావు రాస్తే తర్వాతి పరిశీలనలో చచ్చిన మొలక బతికొస్తుంది. వరుసగా రెండు పరిశీలనల్లో పచ్చదనం లేకపోతేనే చావు అని ముందే నియమం పెట్టుకోండి. చావు తేదీ మాత్రం మొదటిసారి లేనప్పటిదే వేయాలి, రెండోసారిది కాదు. ఈ నియమంతో చివరి పరిశీలనకు ఒక ఇబ్బంది వస్తుంది. 365న తొలిసారి ఎండి కనిపించిన రెండు మొలకల్ని నిర్ధారించుకోవడానికి తర్వాతి పరిశీలన లేదు. చిగురించే జాతి అయితే ఒక చిగురు కాలం గడిచాక నిర్ధారణ కోసమే మరోసారి వెళ్లండి. వీలుకాకపోతే రేఖను 240వ రోజుతో ఆపి, అక్కడి 0.355నే రాయండి.

చివరిగా, మీ 80 మొలకలూ ఒకే విడతలో మొలిచాయన్నారు కాబట్టి సున్నా రోజు అందరికీ ఒకటే. ట్యాగు కట్టిన రోజుకే కొన్ని నెలల వయసున్న మొలకలు అందులో ఉంటే వాటిని ఈ రేఖలో కలపకండి. అవి తొలి వారాల గండం దాటి వచ్చినవి, వాటితోపాటు మొలిచి అంతకుముందే చచ్చినవి మీ కంటపడలేదు. వాటిని సున్నా వయసు వాళ్లతో కలిపితే మనుగడ ఉత్తినే పెరుగుతుంది. మొలిచిన తేదీ తెలిస్తే వయసునే కాలంగా తీసుకుని `Surv(entry, exit, status)` రూపంలో ఆలస్య ప్రవేశం ఇవ్వండి, తెలియకపోతే వాటికి వేరే రేఖ గీయండి.

గ్రాఫ్ గీసేటప్పుడు అడుగున ప్రతి పరిశీలన రోజు కింద హారం అంకెలు వేయండి: 76, 55, 40, 24, 16. కనిపించనివి, పీకినవి ఎక్కడ తప్పుకున్నాయో రేఖ మీద రెండు వేర్వేరు గుర్తులతో చూపించండి. మీ 15 మొలకల స్థానాలు నమోదయ్యాయో లేదో చూసి చెబితే, 0.219 రేఖను ప్రధానంగా పెట్టాలా 0.311 రేఖను పెట్టాలా అన్నది తేల్చవచ్చు.